అప్‌డేట్: సీజనల్ ప్లాట్‌లో అక్టోబరు, నవంబరు శిఖరాల సంగతి తేలింది

నా పాత ప్రశ్న: "చెన్నైలో మా మిఠాయి కొట్టు నెలవారీ అమ్మకాలకి ఏడాదికో గీత గీశాను. 2022, 2024 గీతలు అక్టోబరులో ఎగిశాయి, 2023ది నవంబరులో, 2021ది రెండు నెలల్లోనూ సగం సగం. డేటా తప్పా, సీజనే లేదా?"

డేటా సరిగ్గానే ఉంది. దీపావళి తేదీలు చూడమన్నవారి మాటే నిజమైంది, వారికి కృతజ్ఞతలు. పండుగ 2022లో అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. 2021లో నవంబరు 4. ఆ ఏడాది బిల్లు పుస్తకం తీస్తే అక్టోబరు 31 ఆదివారం నాడే పేజీలకు పేజీలు నిండిపోయి ఉన్నాయి. నెల మారడంతో ఒకే పండుగ కొనుగోళ్లు రెండు ముక్కలయ్యాయి.

అక్టోబరు, నవంబరు కలిపి ఒకే బిందువుగా గీశాక నాలుగు గీతలూ అక్కడ ఒకేలా లేచాయి. కాకపోతే, పండుగ ఏ నెలలో పడిందో ఇందులో కనపడదు. వచ్చే ఏడాది సరుకు అంచనాకి దీపావళికి ముందు పది రోజుల అమ్మకాలే విడిగా చూస్తాను.

జూలై, ఆగస్టుల్లో అన్ని గీతలూ కలిసి దిగడం మాత్రం నిజంగా నెలతో ముడిపడినదే. తమిళుల ఆడి మాసం సౌరమానం, ఏటా జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉంటుంది. అప్పుడు పెళ్లిళ్ల ఆర్డర్లు ఉండవు.

లాగ్ స్కేలు, నెలలో రోజుల సంఖ్య సరిచేయడం రెండూ ప్రయత్నించాను. శిఖరాలు కదల్లేదు.