"ప్రమాదం 26 శాతం తక్కువ": కరపత్రంలో ఈ మాట ఎలా రాయాలి?

ప్రశ్న (తిరుపతి):
గుండె జబ్బుల సదస్సులో చూపిన స్లైడ్ల ఆధారంగా, ఓపీలో పంచడానికి ఒక పేజీ కరపత్రం తెలుగులో సిద్ధం చేస్తున్నాను. మందు డాపాగ్లిఫ్లోజిన్. గుండె పంపింగ్ తగ్గినవాళ్ల మీద జరిగిన డాపా-హెచ్‌ఎఫ్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. స్లైడులో పెద్ద అక్షరాలతో "ప్రమాదం 26 శాతం తక్కువ" అని ఉంది. నా చేతికిచ్చిన చిత్తుప్రతిలో అది "ఈ మందు వాడితే గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం 26 శాతం తగ్గుతుంది" అయింది. చదివితే వందలో 26 మంది బతికిపోతారన్నట్టుంది. ఎలా మార్చాలి?

పలమనేరు మాస్టారు:
శాతం అంటే పల్లెల్లో చాలామందికి ఎక్కదమ్మా. "వందమందిలో 26 మందికి మేలు" అని రాసేయండి.

కార్డియాలజీ డాక్టరమ్మ:
వందమంది లెక్కలో చెప్పాలన్నది మంచి మాట మాస్టారూ. కానీ 26 ఆ వందలోది కాదు. అధ్యయనంలో 4,744 మంది ఉన్నారు. అందరూ మామూలుగా వాడే గుండె మందులు వాడుతూనే ఉన్నారు. వాటికి తోడుగా సగం మందికి ఈ బిళ్ల, మిగతా సగానికి అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. సుమారు ఏడాదిన్నర చూశారు. ఉత్తుత్తి బిళ్లవాళ్లలో వందకు 21 మందికి జబ్బు ముదిరి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చింది, లేదా గుండె జబ్బుతో చనిపోయారు. మందు వేసుకున్నవాళ్లలో అది 16. తేడా వందకు 5. ఆ 21లో 5 అంటే దాదాపు పావు వంతు. ఎవరికి ఎప్పుడు జరిగిందో కూడా కలిపి లెక్కకడితే 26 శాతం వచ్చింది.

రెండో సంగతి ఆ "లేదా". స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చిత్తులో అది ఎగిరిపోయింది. గుండె జబ్బుతో చావులు మాత్రమే తీసుకుంటే వందకు 11 లేక 12 నుంచి 10కి దగ్గరగా తగ్గాయి. 26ని చావు పక్కన పెట్టకూడదు.

చంద్రగిరి అక్క:
మా అమ్మకు ఇదే బిళ్ల షుగర్‌కి ఇచ్చారు. గుండెకేం లేదన్నారు. అంటే మాకు చెప్పకుండా దాస్తున్నారా? టెన్షన్‌గా ఉంది.

డాక్టరమ్మ:
లేదమ్మా, ఇది మొదట షుగర్ మందుగానే వచ్చింది. అమ్మగారికి అందుకే ఇచ్చి ఉంటారు. షుగర్ లేని గుండె రోగులకు దీనికి తిరగేసిన అనుమానం వస్తుంది. ఆ అధ్యయనంలో సగానికి పైగా షుగర్ లేనివాళ్లే. కాబట్టి కరపత్రంలో "షుగర్ లేకున్నా గుండె కోసం ఇస్తారు" అని ఒక వాక్యం పెట్టండి. లేకపోతే ఇంటికెళ్లి "నాకు షుగర్ లేదు కదా" అని పక్కన పడేస్తారు.

పుత్తూరు మందుల షాపు అన్న:
మా షాపులో రోజూ చూసేది ఇంకొకటి. కొత్త బిళ్ల రాగానే పాతవి మానేస్తారు. "పాత మందులకు తోడుగా" అన్నది పేజీ పైనే పెట్టాలి.

ప్రశ్న వేసినవారు:
ఇలా మార్చాను, చూడండి:

"మీ గుండె మందులకు తోడుగా ఈ బిళ్ల ఇస్తారు. పాతవి మానకండి. మీలాగే గుండె పంపింగ్ తగ్గినవాళ్లను ఏడాదిన్నర గమనిస్తే, ఈ బిళ్ల లేనివాళ్లలో వందమందికి 21 మందికి జబ్బు ముదిరింది లేదా గుండె జబ్బుతో చనిపోయారు. బిళ్ల వాడినవాళ్లలో వందకు 16 మందికి అలా జరిగింది. ఆ తేడా వల్ల లాభపడేది మీరేనా అన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు."

పలమనేరు మాస్టారు:
ఇంత మెత్తగా రాస్తే ఎవరు మింగుతారమ్మా? "గుండెకు బలం" అని ఒక ముక్క వేయండి.

డాక్టరమ్మ:
బలం అంటే జబ్బు నయమైపోతుందనుకుంటారు. వందకు ఐదుగురంటే మా లెక్కలో చిన్న లాభం కాదు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. జాగ్రత్తలు కూడా ఇదే సైజు అక్షరాల్లో ఉండాలి. మూత్రం వచ్చే చోట దురద, ఎరుపు రావచ్చు, అది ఫంగస్. సిగ్గుపడి చెప్పరు, కాబట్టి పేరు పెట్టి రాయండి. వాంతులు, విరేచనాలై తిండీ నీళ్లూ సరిగ్గా పోని రోజు బిళ్ల ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అరుదుగా ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, షుగర్ ఎక్కువ చూపించకపోయినా రావచ్చు. తిండి మానితే ఆ ముప్పు పెరుగుతుంది, మన దగ్గర శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఎక్కువ. "ఒక్కపొద్దు ఉంటే ముందే డాక్టర్‌ను అడగండి" అన్నది మరవకండి.

పుత్తూరు అన్న:
అంతా బాగుంది మేడమ్. కానీ "చనిపోయారు" అన్న మాట చదివితే ముసలివాళ్లు బెదిరిపోతారు. తీసేయండి.

డాక్టరమ్మ:
తీసేస్తే 21, 16 అన్నవి దేని లెక్కలో తెలియదు కదన్నా.

చంద్రగిరి అక్క:
మా నాన్నయితే ఆ మాట చూడగానే కాగితం మడిచేసేవాడు. నాకైతే ఉండాలి. ఓపీలో నలుగురైదుగురు రోగులకు రెండు రకాలూ చదివి వినిపించి, మీరేం అర్థం చేసుకున్నారో చెప్పమని అడగండి.

ప్రశ్న వేసినవారు:
రేపు ఓపీలో అడిగి చూస్తాను. అప్పటిదాకా ఆ మాట ఉంచుతున్నాను.