పత్తి రైతుల చాట్‌బాట్ కేవలం మాట మీదే నడవాలా, బటన్లు కూడా ఉండాలా?

హనుమకొండ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి (ప్రశ్న):
మా రైతు సంఘం కోసం వాట్సాప్‌లో పనిచేసే తెలుగు చాట్‌బాట్‌ను తయారు చేస్తున్నాము. దాన్ని వాడబోయేవారిలో ఎక్కువ మంది అరవై దాటినవారు, చదవడం అంతగా రానివారు. పత్తి మద్దతు ధర, తేమ నిబంధన, అమ్మకానికి స్లాట్ వంటి సంగతులు అడుగుతారు. బటన్లు, జాబితాలు పూర్తిగా తీసేసి వాయిస్ మెసేజ్‌లతోనే నడిపిస్తే వారికి సులభమని నా వాదన. మా బృందంలో సగం మంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జమ్మికుంట విశ్రాంత ఉపాధ్యాయురాలు:
మీ వాదనే సరైనదని నా అభిప్రాయం. నేను వయోజన విద్యా కేంద్రంలో చాలాకాలం బోధించాను. అక్షరం రాని మనిషికి తెర మీద ఎంత పెద్ద బటన్ పెట్టినా, దాని మీద రాసినది చదవలేనప్పుడు ఆ బటన్ వల్ల ప్రయోజనం లేదు. నోటితో అడగడం అందరికీ వచ్చు. అయితే బదులిచ్చే గొంతు చాలా నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరాన్ని సాగదీస్తూ పలకాలి, లేకపోతే పెద్దవారికి అందదు.

కాజీపేట, వాయిస్ సేవల రూపకర్త:
టీచర్ గారు చెప్పినదానిలో సగంతో ఏకీభవిస్తాను. రాతతో మాత్రమే నడిచే తెర చదవలేనివారికి పనికిరాదన్నది నిజం. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఇంద్రాణి మేధి బృందం చేసిన అధ్యయనాలు కూడా అదే చెప్పాయి. కానీ బటన్ అంటే రాత అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. అక్షరాలు రాని పెద్దవారిలో చాలా మందికి అంకెలు వస్తాయి. నోటు మీది విలువను, బస్సు నంబరును వారు రోజూ గుర్తుపడతారు, ఫోన్ నంబరు నొక్కుతారు. కాబట్టి "ధర కోసం ఒకటి, తేమ కోసం రెండు, స్లాట్ కోసం మూడు నొక్కండి" అని గొంతు చెబుతుండగా, కింద 1, 2, 3 అని మూడు బటన్లు కనిపిస్తే చదవవలసింది ఏమీ ఉండదు. ఇక్కడ పని ముందు, అంకె తర్వాత రావాలి. "ఒకటి నొక్కితే ధర" అని తిప్పి చెబితే, విషయం వినేసరికి అంకె మరచిపోతారు. సంభాషణలో ఇచ్చే మామూలు బదులు సందేశానికి వాట్సాప్ మూడు బటన్లే అనుమతిస్తుంది. మనకు అది అడ్డంకి కాదు, ఎందుకంటే విని గుర్తుపెట్టుకోవడానికి అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదు.

గుజరాత్ రైతులతో 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకే ఫోన్ సేవను రెండు విధాలుగా పరీక్షించారు. కొందరు మాటతో, కొందరు అంకెలు నొక్కి వాడారు. అంకెలు నొక్కినవారే ఎక్కువగా పని పూర్తి చేయగలిగారు. అప్పటి స్పీచ్ రికగ్నిషన్ ఇప్పటిదానికంటే చాలా బలహీనం కనుక ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తీసుకురాకూడదు. అయినా అది అడిగించే ప్రశ్న నేటికీ మిగిలే ఉంది. మాట తప్పుగా గుర్తింపు పొందినప్పుడు ఆ సంగతి వాడేవారికి ఎలా తెలుస్తుంది?

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. మూడెకరాల రైతు "ఇర్వై కింటాల్లు" అంటాడు. ఇర్వై, అర్వై అన్న మాటలకు మొదటి అచ్చు ఒక్కటే తేడా. చేను దగ్గర గాలి వీస్తున్నప్పుడు లేదా పళ్లు లేని నోటి నుంచి వచ్చినప్పుడు ఆ అచ్చే ముందుగా పోతుంది. యంత్రం 60 అని రాసుకుని, "సరే, నమోదు చేశాను" అంటుంది. రైతు దాన్ని నమ్ముతాడు, తప్పు బయటపడేది పత్తి బండి కేంద్రానికి చేరిన రోజున. ఇలాంటి చోట రెండు పనులు చేయాలి. మొదటిది, విన్న అంకెను గొంతుతో చెబుతూ తెర మీద పెద్దగా 60 అని చూపించి అవునా కాదా అని అడగడం. రెండవది, విన్న అంకెను ముందే తెలిసిన విస్తీర్ణంతో పోల్చడం. మూడెకరాలకు అరవై క్వింటాళ్లు అసాధ్యం కాబట్టి, "మీవి మూడెకరాలు. ఇరవై క్వింటాళ్లా, అరవై క్వింటాళ్లా? ఇరవై అయితే ఒకటి, అరవై అయితే రెండు నొక్కండి" అని అడిగితే, రెండవసారి కూడా అదే మాటను తప్పుగా వినే ప్రమాదం ఉండదు. మాట తడబడినచోట బటన్ అందుకోవాలని నేను అనేది ఇందుకే.

జనగామ గృహిణి:
మా అత్తగారు వాయిస్ మెసేజ్‌లు పంపడం నేర్చుకున్నారు కానీ సగమే వస్తాయి. "బిడ్డా, రేపు" అని ఆగిపోతుంది. ఎందుకని గమనిస్తే, మాట్లాడుతూ మాట్లాడుతూ బొటనవేలు మైకు గుర్తు మీద నుంచి జారిపోతోంది, జారగానే సందేశం వెళ్లిపోతోంది. మా మరిది గారు ఆవిడకు కొత్త ఫోన్ కొనిస్తే బాగుంటుందంటున్నారు. మీలో ఎవరైనా పెద్దవారికి తగిన ఫోన్ ఏదో చెప్పగలరా?

కాజీపేట, వాయిస్ సేవల రూపకర్త:
అమ్మా, ఫోన్ మార్చవలసిన అవసరం లేదు. మైకును నొక్కిపట్టి వేలిని పైకి జరిపితే తాళం గుర్తు వస్తుంది, ఆ తర్వాత వేలు తీసినా రికార్డింగ్ సాగుతుంది. ఆవిడ అది ఒకసారి అలవాటు చేసుకుంటే చాలు. ప్రశ్న అడిగినవారు మాత్రం మీ అనుభవాన్ని తప్పక గమనించాలి. వాయిస్ మెసేజ్‌లో చాట్‌బాట్‌కు పూర్తయిన ఆడియో ఫైలే చేరుతుంది, కాబట్టి అది తెగిందో లేదో దానికి తెలియదు. "రేపు" అన్న ఒక్క మాట వస్తే, దానికి తోచిన అర్థం కల్పించి బదులివ్వడం కంటే "మీ మాట మధ్యలో ఆగినట్టుంది, మళ్లీ చెప్పండి" అనడం మేలు. నేరుగా ఫోన్ కాల్‌తో నడిపే సేవలో కష్టం ఇంకో రూపంలో వస్తుంది. మాట ముగిసిందని తేల్చడానికి యంత్రం నిశ్శబ్దాన్ని కొలుస్తుంది, చాలా చోట్ల ఆ గడువు సెకనుకు లోపే ఉంటుంది. గుర్తు తెచ్చుకుంటూ ఆగి ఆగి మాట్లాడే పెద్దవారిని అది మధ్యలోనే ఆపేస్తుంది. గడువును రెండు సెకన్ల వరకు పెంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

టీచర్ గారు చెప్పిన సాగదీత గురించి ఒక మాట. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేవి హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులు, అంటే స, ష, త వంటి హల్లుల స్పష్టత. అక్షరాలను సాగదీస్తే అచ్చులు పొడుగవుతాయి తప్ప హల్లులు తేటపడవు, పైగా మాట రూపం చెదురుతుంది. మామూలు వేగానికి కొంచెం తక్కువగా, మరీ సన్నగా లేని గొంతుతో పలుకుతూ, వాక్యానికీ వాక్యానికీ మధ్య విరామం పెంచడం మంచిది.

హనుమకొండ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
బటన్ల విషయంలో కొంత మెత్తబడ్డాను. అయితే ఎంత కుదించినా మా సమాధానాలు పొడవుగానే వస్తున్నాయి. ఉదాహరణకు 2025-26 సీజన్‌లో తేమ గురించి అడిగితే మా చాట్‌బాట్ ఇలా చెప్పింది: "నిర్దేశిత నాణ్యతా ప్రమాణాల ప్రకారం తేమ శాతం 8 వరకు ఉన్న పొడవు పింజ పత్తికి క్వింటాలుకు రూ.8,110 పూర్తి మద్దతు ధర లభిస్తుంది, 8 నుంచి 12 శాతం మధ్య ఉన్నట్లయితే దామాషా ప్రకారం కోత విధించబడుతుంది, 12 శాతం మించిన పక్షంలో కొనుగోలుకు అర్హత ఉండదు." ఇందులో వదిలేయగలిగింది ఏదీ కనిపించడం లేదు.

కాజీపేట, వాయిస్ సేవల రూపకర్త:
దేన్నీ వదలనక్కరలేదు, ఒకేసారి చెప్పకపోతే చాలు. రైతుకు మూడు సందర్భాలూ అక్కరలేదు, తన పత్తి సంగతి ఒక్కటే కావాలి. అందుకని ముందు "మీ పత్తిలో తేమ ఎంత వచ్చింది?" అని అడిగి ఆగాలి. పది అన్నాడనుకుందాం. పెరిగిన ప్రతి శాతానికి ధరలో నూరో వంతు, అంటే 81 రూపాయల 10 పైసల చొప్పున, ఎనిమిది దాటిన రెండు శాతాలకు 162 రూపాయల 20 పైసలు పోతాయి. అప్పుడు సమాధానం ఇలా ఉంటుంది: "తేమ పది. క్వింటాలుకు నూట అరవై రెండు రూపాయలు తగ్గుతాయి. మీకు ఏడు వేల తొమ్మిది వందల నలభై ఎనిమిది రూపాయలు వస్తాయి. ఆరబెట్టడం గురించి చెప్పాలా?" తేమ చూపించుకోలేదని అంటే, అది ఎక్కడ చూస్తారో చెప్పే దారి వేరుగా ఉండాలి. ఇంకొక సంగతి, గొంతుకు ఇచ్చే వాక్యంలో "రూ.8,110" అని, "19/11/2025" అని రాయకండి. కొన్ని గొంతు యంత్రాలు వాటిని ఒక్కొక్క అంకెగానో, గీతలతో సహానో చదువుతాయి. గొంతుకు "నవంబర్ పంతొమ్మిది, బుధవారం" అని అక్షరాల్లో ఇచ్చి, తెర మీద అంకెల్లో చూపించండి. తెర మీది రాత పెద్దాయన కోసం కాకపోయినా, పక్కన కూర్చున్న మనవరాలికి పనికొస్తుంది. మన ఊళ్లలో ఫోన్ ఒకరిదే అయినా వాడేది తరచుగా ఇద్దరు.

పరకాల రైతు:
ఇంతసేపూ గొంతు గొంతు అంటున్నారు కానీ ఆ గొంతు ఎవరెవరికి వినబడుతుందో ఎవరూ అడగలేదు. మాలాంటివారు స్పీకర్ పెట్టి వింటాము, ఎందుకంటే చెవికి ఆనిస్తే సరిగా వినబడదు. ఏనుమాముల మార్కెట్లో బస్తాల మధ్య నిలబడి ఉన్నప్పుడు "మీకు ఇన్ని వేలు వస్తాయి" అని ఫోన్ బిగ్గరగా చెబితే, అప్పు ఇచ్చినవాడు పక్కనే ఉంటాడు. తేమ సంగతి ఎవరు విన్నా ఇబ్బంది లేదు, డబ్బు సంగతి అలా కాదు. నా మట్టుకు డబ్బు లెక్క తెర మీద అంకెల్లో వస్తే చాలు, పైకి చదవవద్దు. ఇక రెండుసార్లు చెప్పినా అర్థం కాకపోతే మనిషికి కలపాలి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేస్తే తెలుగులో మనిషే మాట్లాడతాడు, మీ చాట్‌బాట్ ఆ పాటి చేయలేకపోతే అది నాకెందుకు?

జమ్మికుంట విశ్రాంత ఉపాధ్యాయురాలు:
డబ్బు లెక్కను చదవవద్దంటే, అంకెలు కూడా రాని ఆడవారి సంగతి ఏమిటి? అలాంటివారికి నేను చదువు చెప్పాను, వారు తక్కువేమీ లేరు. కాజీపేట వారు చెప్పినట్టు ప్రతిదానికీ అవునా కాదా అని తిప్పి అడుగుతుంటే, "నన్ను నమ్మడం లేదా ఇది?" అని విసుక్కునేవారూ ఉంటారు.

కాజీపేట, వాయిస్ సేవల రూపకర్త:
తిప్పి అడగడం ప్రతిదానికీ కాదు టీచర్ గారూ. తప్పయితే నష్టం జరిగే క్వింటాళ్లు, తేదీ, ఖాతా వంటి వాటికే. ధర చెప్పడంలో తప్పు విన్నా మళ్లీ అడుగుతారు, అక్కడ నిర్ధారణ అక్కరలేదు. డబ్బు లెక్క విషయంలో మాత్రం పరకాల వారి మాటా న్యాయమే, మీ మాటా న్యాయమే. "లెక్క వినాలంటే ఒకటి నొక్కండి" అని ముందు అడిగి, నొక్కాకే చదివించవచ్చు. అది అంకెలు కూడా రానివారికి సరిపోతుందని నేను హామీ ఇవ్వలేను, తెర మీద చోటును బట్టి బటన్‌ను గుర్తుపెట్టుకునేవారిని మాత్రం చూశాను.

హనుమకొండ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మాట, మూడు అంకెల బటన్లు కలిపి ఒక రూపాన్ని, మాట ఒక్కటే ఉన్న రూపాన్ని సంఘంలోని పెద్దవారి చేత వాడించి చూస్తాము. ఎవరు ఎన్నిసార్లు ఒకే ప్రశ్న మళ్లీ అడిగారో, ఎవరు పక్కవారికి ఫోన్ ఇచ్చేశారో రాసుకుంటాము. మనిషికి కలపడం గురించి సంఘంలో అడిగాను. పత్తి సీజన్‌లో రోజంతా ఫోన్ దగ్గర కూర్చునేవారు ఎవరూ లేరని చెప్పారు. ఉదయం పూట రెండు గంటలు మాత్రమే మనిషి ఉండి, మిగతా సమయంలో "మీకు తిరిగి ఫోన్ చేస్తాము" అని చెబితే సరిపోతుందా?

పరకాల రైతు:
తిరిగి ఫోన్ చేస్తామన్నవారు ఎప్పుడు చేస్తారో కూడా అప్పుడే చెప్పండి. మధ్యాహ్నమంతా మేము చేనులో ఉంటాము, ఫోన్ ఇంట్లో ఉంటుంది.