కొలత రాయని చోట ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలిచి కట్టేయొచ్చా?

సైటుమనిషి_ఖమ్మం
అందరికీ నమస్కారం. జీ ప్లస్ వన్ ఇల్లు, పై అంతస్తు గోడలు రేపు పొద్దున మొదలు. బెడ్‌రూమ్ తూర్పు గోడలో కిటికీ ఎక్కడ రావాలో ప్లాన్‌లో రాయలేదు. గది లోపలి కొలత 4200 అని ఉంది, కిటికీ వెడల్పు షెడ్యూల్‌లో 1500. మూల నుంచి కిటికీ అంచు దాకా ఎంతో మాత్రం లేదు. షీటు మీద స్కేలు 1:100 అని రాసుంది కాబట్టి ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలిచాను, 12.7 మి.మీ. వచ్చింది. అంటే 1270. ఆర్కిటెక్ట్ గారు ఫోన్ ఎత్తడం లేదు. ఇదే పెట్టి కట్టించేయొచ్చా?

టేపుపట్టినవాడు
కట్టించేయండి అన్నా. స్కేలు అని షీటు మీద రాసేది ఎందుకు మరి, అలంకారానికా? ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టులు చేస్తున్నాను, ప్రతి కిటికీకీ కొలత రాసిన ప్లాన్ ఒక్కటీ చూడలేదు. ఆర్కిటెక్ట్ ఫోన్ ఎత్తేదాకా కూర్చుంటే మేస్త్రీల కూలి ఎవరిస్తారు?

క్యాడ్_లక్ష్మి
ఆగండి. ముందు ఆ షీటు ఏ సైజుకి గీసింది, మీ చేతిలో ఉన్న కాగితం ఏ సైజు? 1:100 అన్నది అసలు షీటు సైజులో ప్రింట్ తీస్తేనే నిజం. ఏ3కి గీసిన షీటు ఏ4 మీద తీస్తే అన్నీ 0.707 వంతుకు కుదించుకుపోతాయి. అదైతే చూడగానే తెలిసిపోతుంది. అసలు చిక్కు, సైజు అదే ఉండి ప్రింటర్‌లో `Fit` నొక్కి ఉంటే. అంచుల్లో ఖాళీ కోసం ఐదారు శాతం తగ్గిస్తుంది, కంటికి ఏమీ తెలియదు. `Actual size` పెట్టి మళ్లీ ప్రింట్ తీయండి. లేదంటే రాసి ఉన్న 4200నే కాగితం మీద కొలిచి చూడండి, 42 మి.మీ. రావాలి.

సైటుమనిషి_ఖమ్మం
కొలిచాను మేడమ్. 39.5 వచ్చింది! ఏ3 కాగితమే, పక్క జిరాక్స్ షాపులో తీయించాను.

క్యాడ్_లక్ష్మి
చూశారా. 4200ని 39.5తో భాగిస్తే 106.3. మీ కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే 100 కాదు, 106.3. ఇప్పుడు 12.7ని దాంతో గుణిస్తే 1350. మీరు 1270 పెట్టి కట్టించి ఉంటే 80 మి.మీ. తేడా వచ్చేది. 1350 పెట్టి కట్టించేయండి, అయిపోయింది.

పాతడ్రాఫ్ట్స్‌మన్
లక్ష్మి గారు మొదటి సగం బాగా చెప్పారు. "అయిపోయింది" అన్నచోటే నాకు అభ్యంతరం. ఒక్క కొలతతో నిష్పత్తి తేల్చకూడదు. ఆ 4200 అంకె మీద నమ్మకం ఎక్కడిది? యజమాని గది చిన్నది చేయమంటే గీతలు జరపకుండా అంకె మాత్రం మార్చి పంపేవాళ్లు చాలామంది. గీత 4500కి ఉంటుంది, అంకె 4200 అంటుంది. అలాంటి అంకెను ఆధారం చేసుకుని లెక్కిస్తే మీ కిటికీ కూడా దాంతోపాటే తప్పుతుంది. పద్ధతి తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్ స్కేలుకు సరిపోని అంకె కింద గీత గీస్తాడు. ఈ రోజుల్లో ఆ గీత కనిపించడం అరుదు.

సైటు బాబూ, ఒక పని చేయండి. ఇంకో రెండు మూడు రాసిన కొలతలు కొలవండి. ఒకటి అడ్డంగా ఉన్నది, ఒకటి నిలువుగా ఉన్నది, వీలైతే ఇంటి మొత్తం పొడవు. పెద్ద కొలతలో మీ కంటి పొరపాటు వాటా తగ్గిపోతుంది. అన్నీ ఒకే నిష్పత్తి చూపిస్తే కాగితం మొత్తం ఒకేలా కుదించుకుందని అర్థం. ఒక్కటి వేరేగా వస్తే ఆ అంకె మార్చినదని అనుమానించాలి. అడ్డం ఒకలా, నిలువు ఒకలా వస్తే జిరాక్స్ మెషీన్ సాగదీసిందని. ప్లాన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి ప్రింట్ వేసి ఉంటే మాత్రం అసలు కొలవనే వద్దు. ఒక మూల పెద్దగా, ఒక మూల చిన్నగా వస్తుంది, ఏ లెక్కా నిలవదు.

నల్లరేగడి
మంచి చర్చ పెట్టారు. నాదీ ఇదే సమస్య. మా ఊరి మ్యాపు 1:5000లో ఉంది. మా చేనుకీ పక్క చేనుకీ మధ్య గట్టు ఎక్కడో స్కేలుతో కొలిస్తే పక్కాయన మూడు మీటర్లు మావైపు వచ్చినట్టు తేలింది. ఇది పట్టుకుని పంచాయతీ పెట్టొచ్చా?

పాతడ్రాఫ్ట్స్‌మన్
పెట్టకండి సార్. 1:5000లో ఒక మిల్లీమీటరు అంటే ఐదు మీటర్లు. మ్యాపు మీద గీత మందమే అర మిల్లీమీటరు ఉంటే అదే రెండున్నర మీటర్లు. మీరు కొలిచింది గట్టు కాదు, ఇంకు. మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ తీసుకోండి, అందులో హద్దుల కొలతలు అంకెల్లో ఉంటాయి. వాటితో సర్వేయర్ చేత కొలిపించండి. మిగతాది వేరే చర్చ.

నల్లరేగడి
సర్వేయర్ రావడానికి నెలలు పడుతోంది సార్, అదీ బాధ.

సైటుమనిషి_ఖమ్మం
కొలిచాను. పక్క గది 3000కి 28.2 వచ్చింది. నిలువుగా 3600కి 33.9. ఇంటి మొత్తం 10800కి 101.5. భాగిస్తే అన్నీ 106.2 నుంచి 106.4 లోపే ఉన్నాయి. కిటికీ కూడా కొలిచాను, 14.1, అంటే 1500. అవతలి వైపు మిగిలింది కూడా 12.7.

పాతడ్రాఫ్ట్స్‌మన్
శభాష్. ఇప్పుడు మీ కాగితాన్ని నమ్మొచ్చు. చూడండి, స్కేలు పక్కన పడేసి కూడా ఇదే జవాబు వస్తుంది: 4200లోంచి 1500 తీసేస్తే 2700, సగం 1350. గీసినాయన కిటికీని మధ్యలో పెట్టాడు. మధ్యలోనే కదా అని కొలత రాయలేదు. రాసిన అంకెల నుంచి కూడికలు తీసివేతలతో వచ్చే కొలతే గట్టిది. స్కేలు దానికి సాక్ష్యం మాత్రమే.

ఎందుకంటే 12.7 అని మీరు చదివింది నిజానికి 12.4 కావచ్చు, 13 కావచ్చు. గోడ గీతకి లోపలి అంచు పట్టుకున్నారా, బయటి అంచా? అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే మీ గోడ మీద 53 మి.మీ. 1:100 ప్లాన్‌లో ప్లాస్టిక్ స్కేలుతో దీనికన్నా నాజూకుగా ఎవరూ చదవలేరు. స్కేలు వల్ల మనకు తేలింది "1300కీ 1400కీ మధ్య" అని, అంతే. పెయింటు ఎంత పడుతుంది, టైల్స్ ఎన్ని పెట్టెలు అని అంచనా వేయడానికి ఇది చాలు. దారం కట్టి ఇటుక పెట్టడానికి చాలదు.

క్యాడ్_లక్ష్మి
అందుకే సాఫ్ట్ కాపీ అడగమంటాను. ఫైల్ తెరిచి `DIST` కొడితే కాగితం గొడవే లేదు, పాయింట్ తర్వాత రెండు అంకెల దాకా వస్తుంది.

పాతడ్రాఫ్ట్స్‌మన్
వస్తుందమ్మా. కానీ ఫైల్‌లో 1347.62 అని వచ్చిందనుకోండి, మీరేం చేస్తారు? ఎవరూ 1347.62 అనుకుని కిటికీ పెట్టరు. మౌస్‌తో సుమారుగా జరిపి వదిలేశారని ఆ అంకెలే చెబుతాయి. ఎక్కడ గీశారో ఫైల్ కచ్చితంగా చెబుతుంది. ఎక్కడ కట్టమన్నారో ఆర్కిటెక్టే చెప్పాలి.

క్యాడ్_లక్ష్మి
ఒప్పుకోను సార్. మా ఆఫీసులో గీత ఎక్కడుంటే అక్కడే కట్టాలి, స్నాప్ లేకుండా గీస్తే తిట్లు పడతాయి. అన్ని ఆఫీసులనూ ఒకే గాటన కట్టకండి.

టేపుపట్టినవాడు
ఇద్దరూ కలిసి చివరికి 1350 అన్నారు. నేను మొదట చెప్పింది అదే కదా, కొలిచి కట్టేయమని! మధ్యలోనే ఉందని కూడా తేలింది. ఇంకా ఆర్కిటెక్ట్ ఎందుకు?

పాతడ్రాఫ్ట్స్‌మన్
మీరు చెప్పింది 1270 కట్టేయమని. ఒకవైపు 1270, అవతల 1430 మిగిలేది. మంచం వేశాక ఆ 160 తేడా ఇంటావిడకి మొదటి రోజే కనిపిస్తుంది.

ఇంకో మాట. అదే షీటు నోట్స్‌లో చూడండి, "రాసిన కొలతలే పాటించాలి, స్కేలు చేయరాదు" అనే అర్థం వచ్చే వాక్యం తప్పకుండా ఉండి ఉంటుంది. సీపీడబ్ల్యూడీ కాంట్రాక్టు సాధారణ నిబంధనల్లో కూడా స్కేలు కన్నా రాసిన అంకెలకే, చిన్న స్కేలు డ్రాయింగ్ కన్నా వివరమైన డ్రాయింగ్‌కే ప్రాధాన్యం అని ఉంది. నోటు ఉండగా స్కేలు చేసి కట్టారంటే, తేడా వస్తే పగలగొట్టే ఖర్చు మీ నెత్తినే.

సైటు బాబూ, ఎలివేషన్ షీటు కూడా ఒకసారి తీయండి. కింది అంతస్తులో ఆ గోడకి కిటికీ ఉందా?

సైటుమనిషి_ఖమ్మం
నోటు ఉంది సార్, టైటిల్ బ్లాక్ పైన చిన్న అక్షరాల్లో. ఎలివేషన్ చూశాను. కింద కిటికీ ఉంది, అదీ 1500దే. ఎలివేషన్‌లో రెండూ ఒకే వరసలో, అంచుకి అంచు కలిసి ఉన్నాయి. కింద ఆల్రెడీ కట్టేశాం కదా, ఇప్పుడే టేపు పెట్టి చూశాను: అదే మూల నుంచి 1190 ఉంది. కింది ప్లాన్‌లో ఆ కొలత రాసే ఉంది, 1190 అని. టెన్షన్ మొదలైంది.

ఇంటియజమాని
అంటే ప్లాన్ ప్రకారం 1350, ఎలివేషన్ ప్రకారం 1190. నేనైతే వీధిలోంచి చూసేది ఎలివేషనే, కిటికీలు ఒకదాని మీద ఒకటి లేకపోతే ఊరుకోను. మా ఇంటికి సన్‌షేడ్‌లు ఇలాగే అటూ ఇటూ పోయాయి, ఇప్పటికీ చుట్టాలు అడుగుతారు.

క్యాడ్_లక్ష్మి
మధ్యలో ఉండటం కూడా కావాలనే చేసి ఉండొచ్చు. ఏసీ ఎటు పెడుతున్నారు, వార్డ్‌రోబ్ ఏ గోడకి? ఇది ఏ స్కేలుతోనూ తేలేది కాదు. ఇక్కడ మాత్రం పాత సార్‌తో ఏకీభవిస్తాను.

టేపుపట్టినవాడు
సరే, తేలదు. మరి రేపు పొద్దున వచ్చే మేస్త్రీలను ఏం చేయమంటారు? అది చెప్పండి ముందు.

పాతడ్రాఫ్ట్స్‌మన్
కట్టించమంటాను. కిటికీ సిల్ ఎంత ఎత్తులో ఉంది? ఎక్కువగా 900 ఉంటుంది. సిల్ కింద దాకా గోడ ఏకంగానే వస్తుంది, కిటికీ అటున్నా ఇటున్నా ఒక్క ఇటుక మారదు. రేపు అన్ని గోడలూ సిల్ మట్టానికి లేపండి. ఒక రోజు పని ఎలాగూ దొరుకుతుంది.

ఈలోగా ఫోన్ చేయడం మానేసి మెసేజ్ రాయండి. "కిటికీ కొలత చెప్పండి సార్" అంటే జవాబు రాదు. ఇలా రాయండి: "పై అంతస్తు, తూర్పు బెడ్‌రూమ్, డబ్ల్యూ1. ఉత్తరం మూల లోపలి గోడ ముఖం నుంచి కిటికీ అంచు దాకా కొలత ప్లాన్‌లో లేదు. ప్లాన్ ప్రకారం గోడ మధ్యలో, అంటే 1350. ఎలివేషన్‌లో కింది కిటికీతో వరస, అది సైటులో 1190. రెండిట్లో ఏది? రేపు సాయంత్రానికి సిల్ మట్టం అవుతుంది." రెండు షీట్ల మీదా ఆ చోట ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి ఫొటో పెట్టండి. ఆయన ఒక్క అంకె టైప్ చేస్తే చాలేలా ఉండాలి. ఆ జవాబు దాచుకోండి, షీటు మీద తేదీతో రాసుకోండి.

టేపుపట్టినవాడు
సిల్ దాకా కట్టమన్నది బాగుంది, ఒప్పుకుంటున్నా. ఎల్లుండికి కూడా జవాబు రాకపోతే మాత్రం నేనైతే యజమాని సంతకం తీసుకుని 1190కే కడతాను.

క్యాడ్_లక్ష్మి
యజమాని సంతకం పెడితే ఆర్కిటెక్ట్ బాధ్యత పోయినట్టేనా? అది నాకు నమ్మకం లేదు.

సైటుమనిషి_ఖమ్మం
మెసేజ్ పెట్టాను, ఫొటోలతో. సిల్ 900ఏ. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.