పాత సిజేరియన్ కుట్టు ఉన్న కాన్పులో గర్భసంచి చిరుగుతోందని మీకు మొదట ఎలా తెలిసింది?

రాత్రి డ్యూటీ: ఒక సిజేరియన్ అయి, ఈసారి మామూలు కాన్పు కోరుకున్న తల్లికి ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తుండగా, 7 సెంటీమీటర్లు తెరుచుకున్నాక బిడ్డ గుండె 140 నుంచి 80కి పడిపోయి తిరిగి పైకి రాలేదు. కుట్టు మీద నొక్కినా ఆమెకు నొప్పి లేదు, బీపీ బాగానే ఉంది, రక్తస్రావమూ కనిపించలేదు. అందుకని ఎడమ పక్కకు తిప్పి, సెలైన్ వేగం పెంచి పది నిమిషాలు చూశాము. మళ్లీ లోపలి పరీక్ష చేస్తే, అంతకుముందు +1 దగ్గర తగిలిన తల వేలికి అందనంత పైకి వెళ్లిపోయి ఉంది. పొట్ట తెరిచేసరికి పాత కుట్టు పూర్తిగా విడిపోయి, బిడ్డ భుజం సంచి బయట ఉంది. ఇద్దరూ బతికారు, కానీ నొప్పి కోసం ఎదురుచూసిన ఆ పది నిమిషాలు నన్ను వదలడం లేదు. మీరు మొదట దేన్ని చూశారు? ఏ పని ముందు చేశారు?

ముప్పై ఏళ్ల లేబర్ రూమ్: నేను చూసిన ప్రతి చిరుగులోనూ కుట్టు దగ్గర నొప్పి ఉంది, ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య కూడా అది తగ్గేది కాదు. మీరు ఎపిడ్యూరల్ ఇచ్చి ఉంటారు, అది కప్పేసింది. అందుకే పాత కుట్టు ఉన్నవారికి ఎపిడ్యూరల్ వద్దని నేను మొదటినుంచీ చెబుతున్నాను.

మత్తు డాక్టరు: ఎపిడ్యూరల్ ఇచ్చినట్టు ఆయన ఎక్కడా రాయలేదు, దయచేసి మళ్లీ చదవండి. ఈ రోజుల్లో ఇచ్చే తక్కువ మోతాదు మందు చిరుగు నొప్పిని పూర్తిగా కప్పదు. అంతవరకు హాయిగా ఉన్న తల్లి ఉన్నట్టుండి ఇంకా మందు కావాలని పదే పదే అడుగుతుంటే, అదే ఒక హెచ్చరిక. అప్పుడు మందు పెంచి ఊరుకోకుండా, ఎందుకు అడుగుతోందో చూడాలి.

రెండో బిడ్డ తల్లి: నాకు స్కాన్‌లో కుట్టు పల్చగా ఉందని చెప్పి రెండోసారీ ఆపరేషన్ చేశారు. ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుందో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

సీనియర్ సిస్టర్: అమ్మా, అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. మీ కాగితాలు చూడకుండా అది తప్పో ఒప్పో నేను చెప్పలేను.

ఇక రాత్రి డ్యూటీ అడిగినదానికి వస్తే, నా అనుభవం వేరు. నేను చూసిన తల్లికి అసలు పాత కుట్టే లేదు, అది అయిదో కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి ఇరుక్కుని ఉండగా ఎవరో డ్రిప్ పెంచుతూ పోయారు. బలంగా వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోతే, అలసిపోయిందిలే అనుకున్నారు. యంత్రం మీద 120 కనిపిస్తోంది కాబట్టి బిడ్డ బాగుందనుకున్నారు. నేను ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, చెవితో యంత్రం చప్పుడు విన్నాను. రెండూ ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. అది బిడ్డ గుండె కాదు, రక్తం పోతున్న తల్లి నాడి.

ఆపరేషన్ గది: అసలు ప్రశ్నను వదిలేసి ఎపిడ్యూరల్ మీద పడ్డారు. ఎక్కువ మందిలో మొదట మారేది బిడ్డ గుండె వేగమే, నొప్పి చాలామందిలో రానే రాదు. బీపీని నమ్ముకోవద్దు, వయసులో ఉన్న తల్లి చాలా రక్తం పోయేదాకా దాన్ని నిలబెట్టుకుంటుంది, నాడి ముందే పెరుగుతుంది. కాథెటర్‌లో మూత్రం ఎర్రబడితే మూత్రాశయం కూడా చిరిగిందేమో చూడాలి. అనుమానం వచ్చిన క్షణంలో డ్రిప్ ఆపాలి, అదే అరుపులో థియేటర్‌నూ మత్తు డాక్టరునూ పిలవాలి. రెండు లావుపాటి కాన్యులాలు పెట్టి రక్తానికి పంపడం దారిలో జరగాలి, స్కాన్ కోసం ఆగకూడదు. గుండె పడిపోయిన సుమారు 18 నిమిషాల లోపు బయటికి తీసిన బిడ్డలు ఎక్కువగా కోలుకున్నట్టు ప్రచురితమైన కేసులు చెబుతున్నాయి. అందులో మీ పది నిమిషాలు సగానికి పైనే. సంచిని కుట్టాలా తీసేయాలా అన్నది చిరుగునూ రక్తస్రావాన్నీ చూసి అక్కడే తేల్చుకోవలసిన విషయం.

ముప్పై ఏళ్ల లేబర్ రూమ్: ఒక అడ్డకోత కుట్టుతో నొప్పులకు వదిలితే చిరిగేది సుమారు 200 మందిలో ఒకరికి. గుండె పడిన ప్రతి తల్లినీ థియేటర్‌కు పరుగెత్తిస్తే ఎంతమందిని అనవసరంగా కోస్తారో లెక్క వేశారా?

ఆపరేషన్ గది: ప్రతి తల్లినీ అనలేదు. పాత కుట్టు ఉండి, పక్కకు తిప్పి డ్రిప్ ఆపినా గుండె కోలుకోని తల్లి గురించే అన్నాను. అక్కడ అనవసరంగా కోసినా నేను సిగ్గుపడను.

ముప్పై ఏళ్ల లేబర్ రూమ్: మీకు సిగ్గు లేకపోవచ్చు, రెండో కుట్టు మోసేది ఆమె.

మత్తు డాక్టరు: ఇంతకీ ఆ తల్లికి తర్వాతి గర్భం గురించి ఏమి చెప్పారు? సంచిని కుట్టి ఉంచితే, మళ్లీ నొప్పులు రాకముందే 36, 37 వారాల మధ్య ఆపరేషన్ పెట్టుకోవాలని రాసి ఆమె చేతికి ఇవ్వాలి.

రాత్రి డ్యూటీ: రాసి ఇచ్చాము. డ్రిప్ గురించి చదివాక మా రికార్డు మళ్లీ తెరిచాను. తల్లిని పక్కకు తిప్పిన సమయం ఉంది, సెలైన్ పెంచిన సమయం ఉంది. ఆక్సిటోసిన్ ఆపిన సమయం మాత్రం థియేటర్‌లోకి చేరాక రాసి ఉంది.