అడినాయిడ్లకు ఆపరేషన్: ఇప్పుడే చేయించాలా, పెద్దయ్యేదాకా ఆగాలా?

బాబు వాళ్ళ అమ్మ
మా బాబుకు అయిదేళ్ళు నిండాయి. ఏడాదిగా నోరు తెరుచుకునే నిద్రపోతున్నాడు, గురక పక్క గదిలోకి వినిపిస్తోంది. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. ఈ ఏడాది గొంతునొప్పి, జ్వరం అయిదుసార్లు వచ్చాయి. ఎక్స్-రే తీసి, అడినాయిడ్లు బాగా పెరిగాయి, మూడో గ్రేడు, వచ్చే వారమే తీసేద్దాం అన్నారు. పెద్దయితే అవే కరిగిపోతాయి, పసివాడికి మత్తుమందు ఎందుకని మా అత్తగారి వాదన. ఎవరి మాట వినాలి?

రామచంద్రపురం తాతయ్య
అత్తగారి మాటలో నిజముందమ్మా. మా మనవడికి అచ్చం ఇలాగే ఉండేది. నాలుగేళ్ళప్పుడు మొదలైంది, తొమ్మిదో ఏడు వచ్చేసరికి గురక లేదు, దిబ్బడ లేదు. ఈ కండ ఏడెనిమిదేళ్ళ దాకా పెరిగి, ఆ తర్వాత చిక్కిపోతుందని మాకు డాక్టరే చెప్పారు. తానే పోయేదానికి కత్తి ఎందుకు? రాత్రిపూట ఆవిరి పట్టించండి, చల్లటివి మాన్పించండి.

నిజామాబాద్ పిన్ని
బాబును వెలుతురులో కూర్చోబెట్టి, నోరు బాగా తెరిపించి టార్చి వేసి చూడమ్మా. గొంతుకు రెండువైపులా ఎర్రటి గడ్డలు కనిపిస్తే అవే. మా చెల్లెలి కూతురికి రేగిపళ్ళంత ఉండేవి. ఉప్పునీళ్ళు పుక్కిలించడంతో తగ్గాయి.

విశ్రాంత ఈఎన్‌టీ
పిన్నిగారూ, మీరు చెప్పినవి టాన్సిల్స్. అడినాయిడ్లు నోట్లోంచి కనిపించవు. అంగిలికి పైన, ముక్కు వెనుక భాగం గొంతులో కలిసే చోట ఉంటాయి. పుక్కిలించిన నీళ్ళు అక్కడిదాకా వెళ్ళవు.

అమ్మా, ముందు ఆ ఎక్స్-రే సంగతి. బిడ్డ ఏడుస్తున్నప్పుడో, మింగుతున్నప్పుడో తీస్తే అంగిలి పైకి లేచి దారి ఉన్నదానికన్నా ఇరుకుగా కనిపిస్తుంది. జలుబు చేసినప్పుడు తీసినా అంతే. మూడో గ్రేడని రాసి ఉన్నా హాయిగా నిద్రపోయే పిల్లలను చూశాను, రెండో గ్రేడుకే రాత్రంతా కొట్టుమిట్టాడే పిల్లలనూ చూశాను. ఆపరేషన్ కావాలో వద్దో తేల్చేది కండ పరిమాణం ఒక్కటే కాదు, బిడ్డ నిద్ర.

అందుకని ఈ వారం ఒక పని చేయండి. తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల మధ్య, చొక్కా విప్పి, ఛాతీ, పొట్ట కనిపించేలా పది నిమిషాలు ఫోనులో వీడియో తీయండి. కలలు వచ్చే నిద్ర ఆ వేళ ఎక్కువ, గొంతు కండరాలు అప్పుడే బాగా సడలుతాయి, శ్వాస ఇబ్బంది ఉంటే అప్పుడే బయటపడుతుంది. రాత్రి పదింటికి చూసి బాగానే ఉన్నాడనుకోవద్దు. గురక సాగుతూ సాగుతూ ఒక్కసారిగా ఆగిందా, ఛాతీ కదులుతున్నా చప్పుడు లేదా, ఆ తర్వాత ఉలిక్కిపడినట్లు ఊపిరి లాగాడా చూడండి. పొట్ట పైకి లేచినప్పుడు ఛాతీ లోపలికి గుంజుకుంటే అది కూడా లెక్కలోకి వస్తుంది. మెడ వెనక్కి విరుచుకుని పడుకోవడం, తల చెమటతో తడిసిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, ఇవి ఉన్నాయేమో కూడా రాయండి.

ఇద్దరు పిల్లల నాన్న
మా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా పెద్దమ్మాయికి ఆరో ఏట అడినాయిడ్లు తీయించాం. గురక మూడో వారానికే పోయింది. కానీ ముక్కు దిబ్బడ పోలేదు, పగలు నోరు తెరిచే ఉంచేది. రెండేళ్ళు తిరిగాక తేలింది ఏమిటంటే దుమ్ము ఎలర్జీ. దిండ్లు, పరుపు, కిటికీ తెరలు మార్చి, ముక్కులో స్ప్రే వాడాక సర్దుకుంది. ఆపరేషన్ తప్పని అనను. ఎలర్జీ గురించి ముందే ఎవరూ అడగలేదన్నదే నా బాధ. ఉదయం లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కొనను అరచేత్తో పైకి రుద్దుకోవడం, కళ్ళు దురద ఉంటే దయచేసి ముందు ఆ సంగతి తేల్చుకోండి.

విశ్రాంత ఈఎన్‌టీ
ఈ మాట ప్రతి తల్లీ వినాలి. నోరు మూసుకోవడం ఇంకో కారణంగానూ ఆలస్యమవుతుంది. ఏళ్ళ తరబడి నోటితో పీల్చిన బిడ్డకు దారి తెరుచుకున్నా అలవాటు వెంటనే వదలదు.

ఇక గొంతునొప్పి. అడినాయిడ్లు తీస్తే జలుబులు, గొంతునొప్పులు తగ్గుతాయని చాలామంది ఆశపడతారు. నెదర్లాండ్స్‌లో మాటిమాటికీ జలుబు చేసే 111 మంది చిన్నపిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అడినాయిడ్లు తీసి చూశారు. ఏడాదికి తలా దాదాపు ఎనిమిది జలుబులు, రెండు గుంపుల్లోనూ. తేడా రాలేదు. 2011లో వచ్చిన ఫలితమిది. జ్వరంతో వచ్చే గొంతునొప్పి టాన్సిల్స్ లెక్క. ఒకే ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏటా అయిదుసార్లు, లేదా మూడేళ్ళు ఏటా మూడుసార్లు వస్తేనే వాటిని తీసే ఆలోచన చేస్తాం. అదీ ప్రతిసారీ డాక్టరు చూసి రాసిన లెక్క ఉంటేనే. మీ బాబుకు ఒక ఏడాదిలో అయిదు. కాబట్టి గొంతునొప్పి కోసమైతే ఈ ఆపరేషన్‌కు నేను ఒప్పుకోను. ఊపిరి కోసమైతే వీడియో చూశాక మాట్లాడదాం.

రామచంద్రపురం తాతయ్య
అయ్యా, మీరు లెక్కలు తెచ్చారు కనుక నేనూ ఒకటి తెస్తాను. అమెరికాలో నిద్రలో ఊపిరి ఆగే పిల్లలను 464 మందిని తీసుకుని, సగం మందికి ఆపరేషన్ చేసి, సగం మందిని ఊరికే కనిపెట్టి చూశారట. ఏడు నెలల తర్వాత, కత్తి పెట్టని పిల్లల్లో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చిందట. మా అబ్బాయి చదివి వినిపించాడు. దాదాపు సగం మందికి తనంతట తానే నయమైతే తొందరెందుకు?

విశ్రాంత ఈఎన్‌టీ
తాతగారూ, మీరు చెప్పిన అంకె సరైనదే. అయితే అదే పరిశోధనలో ఆపరేషన్ చేసిన పిల్లల్లో 79 శాతం మందికి మామూలైంది. వాళ్ళందరూ అయిదు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు, టాన్సిల్స్, అడినాయిడ్లు రెండూ తీశారు. నిద్రలో ఆక్సిజన్ బాగా పడిపోయే పిల్లలను అసలు చేర్చుకోలేదు. అంటే ఆ 46 శాతం అన్నది తేలికపాటి, మధ్యస్థ ఇబ్బంది ఉన్నవారి లెక్క. ఏకాగ్రత పరీక్షల్లో రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదన్నది మీ వైపు మాట. ప్రవర్తన, పగటి మగత, ఇంట్లో బిడ్డ హుషారు, ఇవి ఆపరేషన్ చేసినవారిలో బాగుపడ్డాయన్నది నా వైపు మాట. తేలికపాటి గురకకు ఆగుదామంటే నేనూ ఆగుతాను. మీ మనవడు ఆ కోవలోని వాడే కావచ్చు. ఈ బిడ్డ ఏ కోవో మనకింకా తెలియదు.

బాబు వాళ్ళ అమ్మ
మూడు రాత్రులు వీడియో తీశాను. నిన్న తెల్లవారుజామున పది నిమిషాల్లో నాలుగుసార్లు గురక ఆగి, ఊపిరి గట్టిగా లాగాడు. ఛాతీ కింద గుంట పడుతోంది. మెడ వెనక్కి విరిచే పడుకుంటాడు. పక్క తడపడం మూడున్నర ఏళ్ళకే మానేశాడు, రెండు నెలలుగా వారానికి రెండుమూడుసార్లు తడుపుతున్నాడు. దానికి నేను కోప్పడ్డాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు వస్తోంది. తుమ్ములు, దురద ఏమీ లేవు. టీవీ మాత్రం శబ్దం పెంచి చూస్తాడు. మా ఊళ్ళో నిద్ర పరీక్ష లేదు. ముక్కులో కొట్టే స్ప్రే ముందు వాడి చూడొచ్చా? స్టెరాయిడ్ అంటే భయంగా ఉంది.

విశ్రాంత ఈఎన్‌టీ
అమ్మా, పది నిమిషాల్లో నాలుగంటే చిన్న విషయం కాదు. నిద్ర పరీక్షలో పిల్లలకు గంటకు ఒకటి దాటితేనే మామూలు కాదంటాం. మీ వీడియో ఆ పరీక్షకు సాటి కాదు, అయినా నాకు ఇది చాలు, ఆగమని చెప్పలేను.

స్ప్రే భయపడాల్సినది కాదు. మొమెటాసోన్‌ లాంటివి రక్తంలోకి వెళ్ళేది ఒక శాతం లోపే. సాధారణంగా రోజుకోసారి, ఒక్కో ముక్కులో ఒక్కసారి, ఆరు నుంచి పన్నెండు వారాలు. ముందు ఉప్పునీటి చుక్కలతో ముక్కు శుభ్రం చేసి, తల కాస్త ముందుకు వంచి, మొన కంటి వైపు మొగ్గేలా పట్టుకుని కొట్టాలి. నడి గోడ మీదికి కొడితే రక్తం వస్తుంది. తేలికపాటి దిబ్బడకు ఇది ఆపరేషన్‌నే తప్పించగలదు. మీ బాబుకు మాత్రం ఆపరేషన్ తేదీ వచ్చేలోపు వాడుకోవచ్చు, దానికి బదులుగా వద్దు.

టీవీ శబ్దం సంగతి కూడా వదలకండి. అడినాయిడ్లు చెవికి వెళ్ళే గొట్టం నోటిని నొక్కితే కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది, వినికిడి తగ్గుతుంది, నొప్పి ఉండదు. టింపనోమెట్రీ అనే పరీక్ష నిమిషంలో అయిపోతుంది. ఆపరేషన్‌కు ముందే చేయించండి, నీరుంటే అదే మత్తులో చెవి సంగతీ చూడొచ్చు.

రామచంద్రపురం తాతయ్య
వీడియో సంగతి విన్నాక మా మనవడితో పోల్చడం తప్పనిపిస్తోంది. వాడికి ఊపిరి ఆగడం మేం చూడలేదు. చూడాలని కూడా తెలియదు. అయినా ఒక మాట. చిన్న వయసులో తీస్తే మళ్ళీ పెరుగుతుందంటారు, అప్పుడు?

విశ్రాంత ఈఎన్‌టీ
పెరగవచ్చు. ముఖ్యంగా మూడేళ్ళ లోపు తీసినవారిలో. అయిదేళ్ళకు ఆ భయం తక్కువ, పూర్తిగా లేదని మాత్రం అనను.

బాబు వాళ్ళ అమ్మ
పిన్నిగారు చెప్పారని టార్చి వేసి గొంతు చూశాను. టాన్సిల్స్ పెద్దగా లేవు. కానీ కొండనాలుక కొన దగ్గర రెండుగా చీలినట్లు ఉంది. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉండొచ్చని ఆయన అంటున్నారు. ఇది ఏమైనా ముఖ్యమా?

విశ్రాంత ఈఎన్‌టీ
చాలా ముఖ్యం. పిన్నిగారి టార్చి వృథా పోలేదు. ఆపరేషన్ చేసే డాక్టరుకు రేపే ఫోను చేసి ఈ మాట చెప్పండి. కొండనాలుక చీలిన కొందరు పిల్లలకు అంగిలి పైపొర బాగానే కనిపించినా లోపలి కండరం మధ్యలో అతికి ఉండదు. అలాంటి బిడ్డకు వెనుకనున్న అడినాయిడే అంగిలికి ఆనుకుని ముక్కు దారిని మూస్తూ ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్ళు ముక్కులోకి వస్తాయి. పాలు తాగే వయసులో ముక్కులోంచి పాలు కారేవా, గుర్తు చేసుకోండి.

అంగిలిని వేలితో తడిమి, ముక్కులోంచి ఎండోస్కోపీ పెట్టి, బాబుతో మాట్లాడించి కదలిక చూడాలి. అనుమానం నిజమైతే కింది అంచు వదిలేసి, ముక్కు వెనుక ద్వారాలకు అడ్డుపడే పై భాగం మాత్రమే తీస్తారు. అది తేలేదాకా వచ్చే వారం తేదీని కొన్నాళ్ళు జరపమనండి.

బాబు వాళ్ళ అమ్మ
మూడో నెలలో పాలు ముక్కులోంచి వచ్చేవి. ఎక్కువ తాగాడేమో అనుకున్నాం. రేపు ఉదయం ఫోను చేస్తాను.