నీచ కుజుడు లగ్నంలో ఉంటే పోటీలో నిలవలేడా?

సరోజ (ప్రశ్న): మా అబ్బాయి 2006 జూన్ చివరి వారంలో, హైదరాబాదులో, ఉదయం పూట పుట్టాడు. పుష్యమి నక్షత్రం, కర్కాటక లగ్నం. లగ్నంలోనే కుజుడు, శని, చంద్రుడు, బుధుడు ఉన్నారు. డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. కుజుడు నీచలో ఉన్నాడు కాబట్టి ధైర్యం ఉండదు, పోటీలో నిలవలేడు, వేరే దారి చూసుకోండి అని ఒక పంతులుగారు తేల్చేశారు. కానీ ఇంట్లో వీడి కోపానికి తలుపులు దద్దరిల్లుతాయి. ఆయన మాట నమ్మాలా?

వెంకట్ నెల్లూరు: అమ్మా, లగ్నంలో కుజుడంటే కొందరు పెళ్లికి కుజదోషమంటారు, కొందరు 2, 4, 7, 8, 12 ఇళ్లు మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. కర్కాటక లగ్నానికి కుజుడు యోగకారకుడు కాబట్టి మీరు బెంగపడనక్కరలేదు. సంబంధం చూసేటప్పుడు అమ్మాయి జాతకంలో కూడా కుజుణ్ణి చూసుకుంటే సరిపోతుంది.

సరోజ: పెళ్లి గురించి కాదండీ, వాడికి ఇంకా ఇరవై ఏళ్లే. ఉద్యోగం గురించి అడిగాను.

నవీన్ డల్లాస్: అసలు కుజుడు కర్కాటకంలో ఉన్నాడని ఎలా తేల్చారు? నేను ఫోనులో ఒక విదేశీ యాప్‌లో ఆ వారం తేదీలు పెట్టి చూస్తే కుజుడు సింహంలో ఉన్నాడు. సింహంలో కుజుడంటే పదిమంది చూస్తుంటే రెచ్చిపోయే రకం. మీ పంతులుగారు పొరబడి ఉంటారు.

కడియం మాస్టారు: నవీన్, నువ్వు చూసిందీ తప్పు కాదు, ఆయన చూసిందీ తప్పు కాదు. ఆ యాప్ విషువత్తు నుంచి రాశులు లెక్కపెట్టే సాయనం, మనది నక్షత్రాలను బట్టి లెక్కపెట్టే నిరయనం. ఆ ఏడాది రెంటి మధ్య తేడా దాదాపు 24 డిగ్రీలు. అక్కడ సింహంలో 15 డిగ్రీలు అయితే ఇక్కడ కర్కాటకంలో 21. ఒక లెక్కలో గ్రహాన్ని తీసుకుని ఇంకో లెక్కలో ఫలితం చదవకూడదు.

ఇక సరోజ గారి ప్రశ్న. నీచ అన్న ఒక్క మాట మీద అబ్బాయి దారి మార్చమనడం తొందరపాటు. కుజుడు ఒక రాశిలో మామూలుగా నెలన్నర ఉంటాడు. ఆ నెలన్నరలో పుట్టిన వాళ్లందరూ పిరికివాళ్లని ఎవరైనా అనగలరా? రాశి చెప్పేది కుజుడు ఏ తీరులో పనిచేస్తాడన్నదే. కర్కాటకం చంద్రుడి ఇల్లు. అక్కడి కుజుడు ఎదురెదురుగా తలపడడు, మనసు నొచ్చుకున్నప్పుడే కదులుతాడు, అప్పటిదాకా కడుపులో దాచుకుంటాడు. ఆ తీరు ఎక్కడ బయటపడుతుందో భావమూ దృష్టీ చెబుతాయి. లగ్నం నుంచి కుజుడి నాలుగో దృష్టి తులలో ఉన్న గురువు మీద పడుతోంది. తుల నాలుగో ఇల్లు, అంటే గృహం. గురువు ఆరో ఇంటి అధిపతి, అంటే శత్రువులు, పోటీ. బయట పడాల్సిన పోరు ఇంట్లోకి వచ్చి పడుతోంది. మీ తలుపుల సంగతి అదే.

ధైర్యం వేరే లెక్క. దానికి మూడో ఇల్లు చూడాలి. అది కన్య, అధిపతి బుధుడు, ఆయనా లగ్నంలోనే ఉన్నాడు. పైగా కుజుడు ఆశ్లేషలో ఉన్నాడు, అది కూడా బుధుడి నక్షత్రమే. ఇలాంటివాడు ఆలోచించాకే ముందుకు వెళతాడు. దాన్ని పిరికితనం అనలేం. ఒక మాట చెప్పండమ్మా, వాడు పరుగు ఎలా సాధన చేస్తున్నాడు?

సరోజ: తెల్లవారుజామున ఒంటరిగా పరుగెత్తితే సమయం బాగానే వస్తుందట. అకాడమీలో నలుగురి పక్కన నిలబెడితే మొదటి రౌండులోనే వెనకబడతాడని కోచ్ గారు అన్నారు.

కడియం మాస్టారు: అది శని పని. కుజుడికి ఐదారు డిగ్రీల దూరంలో శని కూర్చున్నాడు. కుజుడు తోస్తుంటే శని ఆపుతాడు. ఇలాంటివాళ్లు మొదట్లో వెనకబడి చివర్లో పుంజుకోవాలి. కోచ్ గారిని ఆఖరి రౌండు సమయం విడిగా రాయమనండి. ఆఖర్లో కూడా జారిపోతుంటే నా మాట తప్పు.

నీచ భంగం, అంటే ఆ నీచను రద్దు చేసే యోగం కూడా ఉంది. కర్కాటకాధిపతి చంద్రుడు, కుజుడి ఉచ్ఛ రాశి మకరానికి అధిపతి అయిన శని, ఇద్దరూ కేంద్రంలో ఉన్నారు. 20 నుంచి 23 డిగ్రీల 20 నిమిషాల మధ్య ఉన్నాడు కాబట్టి రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే నవాంశలో కుజుడు మకరానికి చేరి ఉచ్ఛ పొందుతాడు.

భరణి: మాస్టారూ, ఆ భంగాన్ని నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. భంగం చేసే చంద్రుడికి బలం ఉండాలి కదా. అమావాస్య వెళ్లి రెండు మూడు రోజులే అయింది, పక్షబలం లేదు. స్వక్షేత్రంలో ఉన్నా సన్నటి చంద్రుడు. శని ఈ లగ్నానికి ఏడు, ఎనిమిది ఇళ్ల అధిపతి, పెద్ద శుభుడేమీ కాదు. కాగితం మీద కనబడే భంగాలు చాలా చూశాను, మనిషిలో కనబడనివి.

కడియం మాస్టారు: చంద్రుడి పక్షబలం సంగతి ఒప్పుకుంటాను. నవాంశ సంగతి మాత్రం వదులుకోను. దశ కూడా బుధుడిదే నడుస్తోంది, మూడో ఇంటి అధిపతిది.

సుమ: నాది పూర్తిగా తలకిందుల కథ. మేష లగ్నం, దశమంలో మకర కుజుడు. ఉచ్ఛ, దిక్బలం, రుచక యోగం అన్నీ ఉన్నాయని చిన్నప్పటి నుంచి ఇంట్లో కలెక్టరమ్మ అని పిలిచేవారు. గ్రూప్స్ రాశాను. పరీక్ష హాలులో చేతులు వణికి సగం పేపరు వదిలేశాను. తర్వాత నిర్మాణ రంగంలో సూపర్‌వైజర్‌గా చేరితే అరవై మంది కూలీల మధ్య గొడవ వచ్చినా నాకు భయం వేయలేదు. అంటే నా కుజుడు పని ఉన్నచోటే పనిచేస్తాడు, కుర్చీలో కూర్చుని రాసే చోట కాదు. ఉచ్ఛ అన్నంత మాత్రాన అన్ని పోటీలూ గెలుస్తారనుకోవడం కూడా పంతులుగారి తప్పు లాంటిదే.

గణితం: ఇలా ఒక్కొక్కరి కథ విని ఏదైనా రుజువు చేయవచ్చు. ఈ విషయంలో నిజంగా లెక్క పెట్టిన మనిషి ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ గోక్లాన్. 1955లో ఆయన చెప్పిందేమిటంటే, కుజుడు ఉదయించిన కాసేపటికి, లేదా ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరి దాటిన కాసేపటికి పుట్టినవారిలో ఛాంపియన్లు మామూలు కంటే ఎక్కువ. ఆ రెండూ సుమారుగా మీ పన్నెండు, తొమ్మిది భావాలు. లగ్నమూ కాదు, సుమ గారి దశమమూ కాదు. రాశులకైతే ఆయన లెక్కలో ఆధారమే దొరకలేదు. తర్వాత ఫ్రాన్స్‌లోనే వేరే బృందం పరీక్షిస్తే ఆ ఛాంపియన్ల ఫలితం కూడా నిలవలేదు.

భరణి: పన్నెండో ఇంటి కుజుడు క్రీడాకారుణ్ణి చేస్తాడని మన గ్రంథాల్లో ఎవరూ అనరు. ఆ లెక్క నిలిచినా కూలినా మన పద్ధతికి సాక్ష్యం కాదు.

కడియం మాస్టారు: ఆ వాదన ఇప్పుడు వద్దు. సరోజ గారూ, ముందే అడగాల్సింది. ఆ వారంలో హైదరాబాదులో కర్కాటక లగ్నం ఏడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. మీ అబ్బాయి పుట్టిన సమయం ఎంత?

సరోజ: ఆసుపత్రి కాగితంలో 7:05 అని ఉంది. కానీ మా అత్తగారు ఇంకా ఏడు కాలేదనే అంటారు.

కడియం మాస్టారు: అయితే లగ్నం మిథునం కావచ్చు. అప్పుడు కుజుడు రెండో ఇంట్లో, అంటే వాక్కు స్థానంలో ఉంటాడు, ఆరో ఇంటి అధిపతి తనే అవుతాడు. పోటీకి కారకుడే నీచలో ఉన్నట్టు. మూడో ఇంటి అధిపతి రవి లగ్నంలో ఉంటాడు కనుక ధైర్యానికి లోటు ఉండదు గానీ కోపం చేతుల్లో కాకుండా నోట్లో ఉంటుంది. వాడు తలుపులు బాదుతాడా, మాటలతో పొడుస్తాడా?

సరోజ: ముందు మాటలు, తర్వాత తలుపు.

గణితం: చూశారా, ఏ లగ్నమైనా కోపానికి ఒక ఇల్లు దొరికింది. మాస్టారు ఆఖరి రౌండు గురించి చెప్పింది ఒక్కటే తప్పని తేలే అవకాశం ఉన్న మాట. ఆ సమయాలు వచ్చాక ఇక్కడ పెట్టండి.

సరోజ: కోచ్ గారిని అడిగాను. సోమవారం నుంచి రౌండు రౌండుకూ విడిగా రాస్తామన్నారు.