కెపాసిటర్ ప్లేట్ల మధ్య B: రెండు ఉపరితలాలకు రెండు జవాబులు వస్తున్నాయి

మాక్స్‌వెల్ నాలుగు సమీకరణాల నుంచి శూన్యంలో తరంగ సమీకరణం రాబట్టగలిగాను. వేగం 1/√(μ₀ε₀), అంటే సుమారు 3×10⁸ మీ/సె, కాంతి వేగమే వచ్చింది. డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ పదం తీసేస్తే తరంగమే రాదని కూడా అర్థమైంది. కానీ అదే పదాన్ని మామూలు కెపాసిటర్‌కి వాడబోతే రెండు రోజులుగా ఒకేచోట ఆగిపోతున్నాను.

గుండ్రటి ప్లేట్లు, వ్యాసార్థం 5 సెం.మీ. తీగలో కరెంట్ 2 A. ప్లేట్ల మధ్య, అక్షం నుంచి 3 సెం.మీ. దూరంలో ఒక వలయం తీసుకున్నాను.

వలయానికి చదునైన ఉపరితలం పెడితే దాని గుండా డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ 2×(9/25) = 0.72 A. B = 4.8 μT.

అదే వలయానికి సంచిలా ఉబ్బిన ఉపరితలం పెట్టాను. అది ఒక ప్లేటును చీల్చుకుని వెనక్కి వెళ్లి, బయట తీగను కోస్తుంది. అక్కడ 2 A ఉంది కాబట్టి B = 13.3 μT వస్తోంది!

యూనిట్లు మళ్లీ చూశాను. అంచుల దగ్గర క్షేత్రం వంగడాన్ని రెండింటిలోనూ వదిలేశాను. వలయాన్ని సరిగ్గా 5 సెం.మీ.కి పెంచితే మాత్రం రెండు దారుల్లోనూ 8 μT వస్తోంది, తేడా లోపలే.

సంచి ఉపరితలం లెక్కలో 1.28 A ఎక్కువ పడుతోంది. దాన్ని రద్దు చేసే కరెంట్ ఆ ఉపరితలాన్ని ఎక్కడ దాటుతోంది?